నాన్న ఫోన్‌లో పదకొండు అలారాలు: మూడు పూటలా అడగాలి, కానీ తక్కువసార్లు. ఎలా?

తుంగభద్ర గట్టు (కర్నూలు / బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా నాన్నకు 68 ఏళ్లు. కర్నూలు పాత ఊళ్లో బట్టల అంగడి ఉంది, ఇప్పటికీ తానే కూర్చుంటారు. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. పోయిన ఏడాది నుంచి రోజుకు రెండుసార్లు 30/70 ఇన్సులిన్ వేసుకుంటున్నారు, పొద్దున టిఫిన్‌కు ముందు, రాత్రి భోజనానికి ముందు. రెండు పూటలా తిన్నాక మెట్‌ఫార్మిన్. పొద్దున బీపీ మాత్ర, రాత్రి పడుకునే ముందు అటార్వాస్టాటిన్. ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, నేను బెంగళూరులో ఉద్యోగం.

దసరాకు తమ్ముడు వచ్చినప్పుడు నాన్న ఫోన్‌లో పదకొండు అలారాలు పెట్టాడు. పొద్దున పరగడుపున టెస్ట్, ఇన్సులిన్, టిఫిన్, మాత్రలు. పదకొండింటికి ఏదైనా తినమని, ఒంటిగంటకు అన్నం, నాలుగింటికి నడక. రాత్రి మళ్లీ ఇన్సులిన్, మాత్ర, ఇంకో మాత్ర, పాదాలు చూసుకోవడం. మొదట్లో అన్నీ పాటించారు. తర్వాత గిరాకీతో మాట్లాడుతుంటే మోగుతోందని ఫోన్ సైలెంట్‌లో పెట్టేశారు. ఇప్పుడు అలారాలూ వినపడవు, నా ఫోనూ వినపడదు.

పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒకసారి కనుక్కోవడం మాత్రం తప్పదు అనిపిస్తోంది. అయితే మొత్తం మీద నాలుగైదుకు మించకూడదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? ఇంట్లో ఇలాంటిది నడిపినవాళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు పిల్లోడు

అక్కా, ఫోన్‌లో ఉండే అలారం వద్దు. మందుల కోసం యాప్‌లు ఉన్నాయి కదా, ఒకటి వేయండి. "అయింది" అని నొక్కేవరకు పది నిమిషాలకోసారి మోగుతూనే ఉంటుంది. తప్పించుకోలేరు. పైగా ఏ రోజు ఏ పూట తప్పిందో మీకు బెంగళూరులోనే కనిపిస్తుంది. మా తాతకు అదే పెట్టాం. నొక్కగానే ఆగిపోవడం, రికార్డు ఉండటం, ఈ రెండూ ఉంటే ఎన్ని ఉన్నా ఇబ్బంది ఉండదు.

ఆదోని పత్తి

అమ్మా, తగ్గించాలి అనుకోవడం మంచిదే. మా అత్తకు కూడా ఇలాగే రోజుకు ఆరేడు మాత్రలుండేవి. రాత్రి మెంతులు నానబెట్టి పొద్దున ఆ నీళ్లు, వారానికి రెండుసార్లు కాకరకాయ. జొన్నరొట్టె ఒక పూట. ఇప్పుడు మూడు మాత్రలే. ఇన్సులిన్ కూడా ఒక పూటకు తేవచ్చు, ప్రయత్నించండి.

తుంగభద్ర గట్టు

పెద్దమ్మా, థాంక్స్. నేను అడిగింది మందులు తగ్గించడం గురించి కాదు, గుర్తుచేయడం తగ్గించడం గురించి. మందుల జోలికి డాక్టర్‌ను అడక్కుండా పోను. తమ్ముడూ, యాప్ సంగతి ఆలోచిస్తాను, కానీ పది నిమిషాలకోసారి అంటే నాన్న ఫోన్‌ను అంగడి సొరుగులో పెట్టేస్తారు.

అనంత సిస్టర్

అమ్మాయీ, నేను అనంతపురంలో షుగర్ క్లినిక్‌లో నర్సును. మీ పదకొండు అలారాల లిస్ట్ చదవగానే నాకు తట్టింది ఒకటే. అందులో నిజంగా గడియారంతో పని ఉన్నవి మూడే. మిగతావన్నీ ఆ మూడింటి వెంట నడిచేవి.

30/70 ఇన్సులిన్‌ను అన్నానికి అరగంట ముందు వేసుకోమంటాం. అంటే సూదికీ పళ్లేనికీ విడదీయరాని సంబంధం ఉంది. సూదికి ముందు టెస్ట్, సూది తర్వాత టిఫిన్, టిఫిన్ అయ్యాక మెట్‌ఫార్మిన్. ఇది ఒకే వరస. మొదటిది గుర్తొస్తే చాలు, తర్వాతివాటికి మోగాల్సిన పని లేదు. పొద్దున వేసుకోవాల్సిన మాత్రలు డబ్బాలో పోసి పళ్లెం పక్కనే పెట్టండి. కంటికి కనిపిస్తే అదే గుర్తు. రాత్రి అటార్వాస్టాటిన్ పడుకునే ముందే వేసుకోవాలని లేదు, అది రోజులో ఏ వేళకైనా పనిచేస్తుంది. రాత్రి భోజనం తర్వాత మెట్‌ఫార్మిన్‌తోనే కలిపి వేసుకోవచ్చా అని మీ డాక్టర్‌ను ఒక్క మాట అడగండి. దాదాపు అందరూ సరే అంటారు. దాంతో ఇంకో అలారం పోతుంది.

ఇక మధ్యాహ్నం. చాలామంది అక్కడ మందు లేదు కాబట్టి అలారం తీసేస్తారు. నేనైతే అన్నిటికంటే దాన్నే ఉంచుతాను. పొద్దున ఎనిమిదికి వేసిన 30/70లో నిదానంగా పనిచేసే భాగం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా బలంగా ఉంటుంది. ఆ వేళకు కడుపులో అన్నం ఉంటుందని లెక్కేసే ఆ మోతాదు రాస్తారు. అంగడిలో గిరాకీ ఉండి రెండున్నరకు తింటే? చెమటలు, వణుకు, చూపు మసక, చిరాకు. గిరాకీ మీద విసుక్కున్నారంటే అది కోపం కాకపోవచ్చు, షుగర్ 70 కంటే కిందికి పడి ఉండొచ్చు. కాబట్టి మధ్యాహ్నం అడగాల్సింది "ఎలా ఉన్నావు నాన్నా" అని కాదు, "తిన్నావా" అని. ఒకే ప్రశ్న.

పదకొండింటికి ఏదైనా తినమన్న అలారం కూడా ఈ భయంతోనే పెట్టి ఉంటారు. దాని బదులు అంగడిలో గల్లాపెట్టె పక్కన గ్లూకోజ్ పొడి, నాలుగు బిస్కెట్లు ఉంచండి. వణుకొస్తే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట తర్వాత మళ్లీ టెస్ట్ చేయాలి. ఇది అంగడిలో పనిచేసే కుర్రాడికీ తెలియాలి.

గుత్తి మాస్టారు

నేను రిటైర్డ్ టీచర్‌ను. 72 ఏళ్లు, నాకూ రెండు పూటలా ఇన్సులిన్. సిస్టర్ గారితో సగం ఏకీభవిస్తాను. పొద్దున నాకు ఏ అలారమూ అక్కర్లేదు. కాఫీ, పేపర్, టెస్ట్, సూది, అన్నీ ఒకదాని వెంట ఒకటి అలవాటుగా జరిగిపోతాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకు పళ్లెం ముందు కూర్చుంటాను, అదీ తప్పదు. తప్పేది రాత్రే. పెళ్లి, గుడి, ఎవరో ఒకరు ఇంటికి రావడం. కాబట్టి నాలాంటివాడికి ఒక్క రాత్రి అలారం చాలు. మూడు పూటలా ఎందుకు?

ఇంకో మాట. పెద్దవాళ్లను పూటకోసారి "వేసుకున్నావా, తిన్నావా" అని అడిగితే మాకు ఎలా ఉంటుందో పిల్లలు ఆలోచించాలి. నలభై ఏళ్లు బడి నడిపినవాడిని, ఇప్పుడు నన్ను హాజరు పిలుస్తున్నట్టు ఉంటుంది.

అనంత సిస్టర్

మాస్టారూ, మీ సంగతిలో మీరు చెప్పిందే సరి. అందరికీ మూడు అలారాలు అక్కర్లేదు. ఏ పూట జారిపోతోందో ఆ పూటకు పెట్టాలి. మీది ఇంటిపట్టున ఉండే జీవితం, అన్నం వేళకు అందుతుంది. ఆయనది అంగడి, మధ్యాహ్నం చేతిలో ఉండదు.

అందుకే అమ్మాయీ, అలారాలు మార్చేముందు ఒక వారం ఊరికే రాయించండి. సూది ఎన్నింటికి, అన్నం ఎన్నింటికి, రెండే గడులు. ఎక్కడ తేడా వస్తోందో కనిపిస్తుంది.

ప్రొద్దుటూరు పిల్లోడు

సిస్టర్, వరస విషయం ఒప్పుకుంటాను. కానీ నొక్కేదాకా మోగితే నష్టమేంటి? మర్చిపోవడం కంటే మేలే కదా.

అనంత సిస్టర్

మాత్ర అయితే చాలావరకు మేలే. ఇన్సులిన్‌కు కాదు తమ్ముడూ. ఆయన 7:45కి సూది వేసుకున్నారనుకో. ఫోన్ లోపల ఛార్జింగ్‌లో ఉంది, నొక్కలేదు. ఎనిమిదికి మళ్లీ "ఇన్సులిన్ వేసుకోండి" అని మోగింది. వేసుకున్నానా లేదా? పెద్దవాళ్లకు నిన్నటి పొద్దున, ఇవాళ్టి పొద్దున ఒకటే అనిపిస్తాయి. ఇంకోసారి వేసుకుంటారు. మా దగ్గరకు షుగర్ బాగా పడిపోయి వచ్చినవాళ్లలో ఇలా రెండుసార్లు వేసుకున్నవాళ్లూ ఉన్నారు.

కాబట్టి రెండోసారి అడిగే మాట వేరుగా ఉండాలి. "వేసుకోండి" అనకూడదు, "ట్రే చూడండి" అనాలి. రాత్రి పడుకునే ముందు ఆంటీ ఒక చిన్న ట్రేలో రేపటికి రెండు సిరంజిలు పెడతారు, పొద్దునది ఎడమవైపు, రాత్రిది కుడివైపు. ఎడమవైపు సిరంజి లేకపోతే పొద్దునది వేసుకున్నట్టే. గుర్తులేక, ట్రే చూసినా తేలకపోతే ఇంకో డోసు వేసుకోకూడదు. షుగర్ టెస్ట్ చేసి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఈ ఒక్క నియమం ఇంట్లో అందరికీ నోటికి రావాలి.

మన దగ్గర వయల్స్ ఎక్కువగా 40 యూనిట్లవి, ఎర్ర మూత సిరంజి దానికే. పెన్నుకు మారితే ఈ సిరంజి ట్రే పద్ధతి కుదరదు, పెన్ను సూదులనైనా లెక్కపెట్టాలి.

తుంగభద్ర గట్టు

సిస్టర్, ఒక వారం అమ్మ చేత రాయించాను. మీరన్నది నిజమే. పొద్దున సూది దాదాపు రోజూ 7:40, 7:50 మధ్యనే. రాత్రి అలారం 7:30కి ఉండేది, కానీ నాన్న అంగడి మూసి ఇంటికొచ్చేది ఎనిమిదిన్నరకు. అంటే అది ఎప్పుడూ ఆయన ఇంట్లో లేనప్పుడే మోగేది! మధ్యాహ్నం భోజనం ఒకరోజు 1:10, ఇంకోరోజు 2:40, ఆదివారం మాత్రం ఒంటిగంటకే.

ఇలా సర్దాను, చూసి చెప్పండి. పొద్దున 7:40కి ఒక అలారం, పేరు "టెస్ట్, సూది". టిఫిన్, మాత్రలు అయ్యాక నాన్న నాకు మిస్డ్ కాల్ ఇస్తారు. మధ్యాహ్నం 12:45కి అంగడిలో ఒక అలారం, పేరు "అన్నం". తిన్నాక మిస్డ్ కాల్. రాత్రి 8:45కి ఇంటికొచ్చాక "సూది", భోజనం, మాత్రలు, మిస్డ్ కాల్. మొత్తం మూడు. నడక, పాదాలు, పదకొండు గంటల తిండి అలారాలు తీసేశాను. మిస్డ్ కాల్ రాకపోతేనే నేను ఫోన్ చేస్తాను.

అనంత సిస్టర్

బాగుంది. రెండు చోట్ల మారుస్తాను. మిస్డ్ కాల్ వరస చివర్లో పెట్టారు, అది సరైన చోటు. మూడు పనులకు మూడు జవాబులు అడక్కుండా ఒక్కటే అడిగారు. అయితే పొద్దున మిస్డ్ కాల్ రాకపోతే మొదట నాన్నకు కాదు, అమ్మకు చేయండి, 8:45 తర్వాత. ఆమె ట్రే చూసి చెబుతుంది. మధ్యాహ్నం మాత్రం నేరుగా అంగడికే, 1:30 దాటితే ఆగొద్దు. పూటకు ఒకసారే. మళ్లీ మళ్లీ చేయొద్దు. అప్పుడు మంచిరోజు మూడు, చెడ్డరోజు నాలుగో ఐదో అవుతాయి, అంతకు మించవు.

రెండోది, తీసేసిన వాటిలో పాదాలు పూర్తిగా పోకూడదు. షుగర్ ఉన్నవాళ్లకు కాలికి చెప్పు కొరికినా తెలియకపోవచ్చు. రాత్రి పూటకు ఒక అదనపు ప్రశ్న ఉంచుకోండి, అది రోజూ మారుతుంది. సోమ, గురువారాల్లో పాదాలు. మంగళవారం గ్లూకోజ్ పొడి అంగడిలో ఉందా. శనివారం ఇన్సులిన్, స్ట్రిప్‌లు వారానికి సరిపోతాయా. మిగతా రోజులు ఏమీ అడగొద్దు. రాత్రి ఆంటీతో ఎలాగూ మాట్లాడతారు కదా, ఆ మాటల్లోనే అడిగితే కొత్తగా మోగేది ఉండదు.

షుగర్ టెస్ట్ కూడా ఇలాగే పంచుకోవచ్చు. రోజూ అన్ని పూటలా వేలు పొడవక్కర్లేదు. ఒకరోజు టిఫిన్‌కు ముందు, తిన్న రెండు గంటలకు. ఇంకోరోజు మధ్యాహ్నం అన్నానికి ముందు, తర్వాత. మరోరోజు రాత్రికి. వారం తిరిగేసరికి డాక్టర్‌కు రోజంతా ఎలా ఉందో బొమ్మ దొరుకుతుంది. మీ డాక్టర్ రోజూ పరగడుపున చూడమని ఉంటే మాత్రం దాన్ని ఆపొద్దు.

దర్గా వీధి (కడప)

అస్సలామలైకుం, అందరికీ. ఇది చదువుతుంటే మా అబ్బాజాన్ గుర్తొచ్చారు. ఆయనకూ 30/70, రెండు పూటలా. రంజాన్‌లో రోజా ఉంటానని పట్టుబడతారు. అప్పుడు ఈ మధ్యాహ్నం "తిన్నావా" అన్న ప్రశ్నే ఉండదు కదా. మూడు పూటలు ఎలా మారతాయి?

అనంత సిస్టర్

వాలైకుం సలాం భయ్యా. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు రోజా ప్రమాదం ఎక్కువ. అందుకే రంజాన్ ఇంకా ఒకటి రెండు నెలలుందనగా డాక్టర్‌ను కలవాలి. మోతాదు ఎంత, ఏ పూటకు మారాలి అన్నది ఆయనే తేల్చాలి. మామూలుగా పెద్ద మోతాదు ఇఫ్తార్‌కు పోతుంది, సహరీకి తగ్గిస్తారు.

అడిగే పూటలు సహరీ, మధ్యాహ్నం నాలుగు, ఇఫ్తార్. నాలుగింటికి అడిగేది "టెస్ట్ ఎంత" అని. ఎందుకంటే ఇఫ్తార్ ముందు గంటల్లోనే ఎక్కువగా పడిపోతుంది. వేలు పొడిచి చూసుకుంటే రోజా పోదని పెద్దలు చెబుతున్నారు, మీ ఇమాం గారిని అడిగి అబ్బాజాన్‌కు ఆయన నోటితోనే చెప్పించండి. 70 కంటే తక్కువ వచ్చినా, 300 దాటినా రోజా విడవాలి. ఆ మాట ముందే ఒప్పించుకోవాలి, ఆ రోజు వాదించడానికి వీలుండదు.

దర్గా వీధి (కడప)

ఆయన నాలుగింటికి మసీదులో ఉంటారు. అక్కడ ఫోన్ మోగదు. మా తమ్ముడు పక్కన ఉంటాడు కాబట్టి వాడికే అలారం పెడతాను. కానీ వాడు లేని రోజున ఏం చేయాలో నాకింకా తోచలేదు.

గుత్తి మాస్టారు

తుంగభద్ర అమ్మాయికి ఇంకో మాట. మిస్డ్ కాల్ ఇచ్చినంత మాత్రాన తిన్నారని ఏమిటి నమ్మకం? నేనే ఒక్కోసారి మా కోడలికి ముందుగా "తిన్నాను" అని చెప్పేస్తాను, తర్వాత తింటాను. అంగడిలో గిరాకీ ఉంటే మీ నాన్న కూడా ముందు మిస్డ్ కాల్ ఇచ్చి, తర్వాత తినొచ్చు.

ప్రొద్దుటూరు పిల్లోడు

అదే నేనంటున్నది. ఫోటో పంపమనండి. పళ్లెం ఫోటో, గ్లూకోమీటర్ ఫోటో. ఫోటోకు అబద్ధం రాదు.

గుత్తి మాస్టారు

నాయనా, నా పళ్లెం ఫోటో ఎవరైనా అడిగితే ఆ పూట నేను తినను.

తుంగభద్ర గట్టు

మాస్టారూ, మీ మాట అర్థమైంది. ఫోటో నేనూ అడగను. కానీ మీరడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. టెస్ట్ ఉన్న రోజుల్లో మిస్డ్ కాల్ బదులు ఫోన్‌లో అంకె చెప్పమని అడిగాను, నాన్న ఒప్పుకున్నారు. అంకె ఊరికే రాదు కదా, యంత్రం పెట్టాల్సిందే. మధ్యాహ్నం అన్నానికి అలాంటిదేమీ లేదు. ఆ ఒక్క పూట ఆయన మాటే నమ్ముకోవాలి.

అమ్మ ఇంకో మాట అంది. పొద్దున మిస్డ్ కాల్ రాకపోతే నేను అమ్మకు చేస్తాను కదా, ఇక మర్చిపోవడమంతా అమ్మ తప్పు అవుతోందట. "ఆయన సూది, ఆయన మాత్రలు, నాకెందుకు ఫోను" అంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, తన మాత్రలు తనకున్నాయి. దీనికేం చేయాలి?

అనంత సిస్టర్

ఆంటీ చెప్పింది నిజం. ఇంట్లో ఆడవాళ్ల మీదికి వాలిపోయే పని ఇది, మా క్లినిక్‌లో రోజూ చూస్తాను. నేనైతే ట్రే పెట్టే పని ఆమె నుంచి తీసేసి నాన్నకే ఇస్తాను. రాత్రి సూది వేసుకున్నాక ఆయనే రేపటి రెండూ పెట్టాలి, అదే వరసలో చివరి పని. పొద్దున మిస్డ్ కాల్ రాకపోతే ఆంటీకి చేసే ఫోన్ మాత్రం ఎవరికి మార్చాలో నాకూ తెలియడం లేదు. పక్కింటివాళ్లు ఉన్నారా?

తుంగభద్ర గట్టు

పక్కింటి అన్న ఉన్నాడు. అతన్ని అడిగి చూస్తాను.

చివరిగా ఒకటి. నెల గడిచాక పొద్దున సూది ఎప్పుడూ అలారం కంటే ముందే అయిపోతుంటే, ఆ అలారం తీసేయవచ్చా? మధ్యాహ్నం కూడా?

అనంత సిస్టర్

పొద్దునది 7:40కి అక్కర్లేదు. అయితే పూర్తిగా తీయకుండా 8:15కి జరిపి "ట్రే చూడండి" అని పేరు మార్చండి. ఆలోపు సూది వేసుకుంటే ఆయనే ఆ రోజుకు దాన్ని ఆపుకుంటారు. అలా మోగేవి రెండుకు దిగుతాయి. రాత్రిది ఇంకొన్నాళ్లు చూడండి.

మధ్యాహ్నానిది తీయొద్దు. పండగ ముందు గిరాకీ పెరుగుతుంది, అప్పుడే అన్నం మూడింటికి పోతుంది, అప్పుడే పడిపోతుంది. ఆ రోజుల్లో అన్నం క్యారియర్ అంగడికే పంపించే ఏర్పాటు చేయండి. ఒంటిగంటకు బల్ల మీద క్యారియర్ ఉంటే అలారం కంటే అది బాగా పనిచేస్తుంది.

తుంగభద్ర గట్టు

క్యారియర్ సంగతి రేపే అడుగుతాను. అంగడి కుర్రాడి ఇల్లు మా వీధిలోనే, వాడు పన్నెండున్నరకు అన్నానికి ఇంటికి వెళ్లి వస్తాడు. వచ్చేటప్పుడు తెస్తాడు.